ముందు చొక్కా, తర్వాత బొమ్మ: ప్లెయిన్ టీషర్టుల స్టాకు మీద చివరి నిమిషపు ప్రింటు లెక్క

పోచంపల్లి ఇక్కత్ చీరలో డిజైను నూలు దశలోనే తేలిపోతుంది. నూలును కట్టలు కట్టి రంగులో ముంచినప్పుడే ఏ గీత ఎక్కడ పడాలో ఖాయమవుతుంది. మగ్గం ఎక్కాక మార్చడానికి ఏమీ మిగలదు. పెడన కలంకారీ దారి వేరు. తెల్లటి నూలు బట్టను ఉతికి, కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. దాని మీద ఏ అచ్చు వేయాలన్నది ఆ తర్వాతి సంగతి. అమ్ముడుపోని ఇక్కత్ చీర అదే చీరగా బీరువాలో మిగులుతుంది. అచ్చు పడని కరక్కాయ బట్ట మాత్రం రేపు అడిగిన డిజైనుకు పనికొస్తుంది.

సప్లై చైన్ వాళ్లు పోస్ట్‌పోన్‌మెంట్ అనే పద్ధతి మూలం ఇంతే. సరుకుకు ఏ దశలో ప్రత్యేకమైన రూపం వస్తుందో ఆ దశను గిరాకీ తెలిసేదాకా ఆపి ఉంచడం. మార్కెటింగ్ పండితుడు రో ఆల్డర్సన్ 1950లో దీన్ని ఒక సూత్రంగా రాశాడు. ఇటలీ కంపెనీ బెనెటన్, రంగు వేయని నూలుతో ముందు స్వెటర్లు అల్లేసి ఆ సీజన్లో ఏ రంగు ఆడుతుందో తెలిశాక అద్దకం చేయించి, దీన్ని ఊరూరా తెలిసేలా చేసింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రెండు గదుల్లో నడిచే టీషర్టు బ్రాండు కూడా ఇదే పని చేస్తోంది. తిరుప్పూరు నుంచి ప్లెయిన్ రౌండ్ నెక్ తెప్పించుకుని, ఆర్డరు పడ్డాక బొమ్మ వేసి పంపుతోంది.

పద్ధతి తేలిగ్గానే కనిపిస్తుంది. కానీ మొత్తం సరుకును ఇలా నడిపితే చాలా చోట్ల నష్టమే వస్తుంది. ఏ డిజైన్లకు చివర్లో ప్రింటు వేయాలి, వేటికి ముందే వేయించుకోవాలి అన్న గీత ఎక్కడ గీయాలో తెలియకపోవడమే దానికి కారణం. ఆ గీతను లెక్కగట్టి పట్టుకోవచ్చు.

450 రకాలు, 15 రకాలు

ఒక ఊహా బ్రాండును తీసుకుందాం. దానికి 30 డిజైన్లు ఉన్నాయి. ఒక్కోటి నలుపు, తెలుపు, నేవీ బ్లూ రంగుల్లో, ఎస్ నుంచి డబుల్ ఎక్స్ఎల్ దాకా 5 సైజుల్లో దొరుకుతుంది. అంటే ప్రింటు వేసిన సరుకు 450 రకాలు. వారానికి మొత్తం 900 టీషర్టులు పోతాయి. సరుకు తిరుప్పూరు నుంచి రావడానికి 4 వారాలు పడుతుంది.

ముందే ప్రింటు వేయించి పెట్టుకుంటే ఒక్కో రకం సగటున వారానికి 2 పోతాయి, నాలుగు వారాలకు 8. అయితే ఆ 8 ఎప్పుడూ 8గానే ఉండదు. కొనేవాళ్లు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తుంటే, గిరాకీ ఊగిసలాట సుమారుగా సగటుకు వర్గమూలమంత ఉంటుంది. 8కి అది 2.8. నూటికి 95 సార్లు సరుకు అయిపోకుండా ఉండాలంటే దానికి 1.65 రెట్లు అదనంగా పెట్టుకోవాలి, అంటే రకానికి 5 టీషర్టులు. రకానికి 5 అంటే పెద్ద విషయంలా అనిపించదు. కానీ 450 రకాలకు అది 2,250 టీషర్టులు, రెండున్నర వారాల అమ్మకం. ఇదంతా అవసరం పడొచ్చన్న భయంతో పెట్టుకున్న సేఫ్టీ స్టాకే.

ఇప్పుడు బొమ్మను పక్కన పెట్టి చూడండి. మిగిలేవి 3 రంగులు, 5 సైజులు, మొత్తం 15 రకాలు. ఒక్కో రకం వారానికి 60, నాలుగు వారాలకు 240. దాని వర్గమూలం 15.5. దానికి 1.65 రెట్లు అంటే 26 టీషర్టులు. 15 రకాలకు 390. అదే గిరాకీ, అదే 95 శాతం భరోసా, కానీ 2,250 బదులు 390 సరిపోతాయి. ఒక బొమ్మకు అనుకున్నదాని కన్నా తక్కువ ఆర్డర్లు వస్తే ఇంకో బొమ్మకు ఎక్కువ రావచ్చు. ప్లెయిన్ చొక్కా దగ్గర ఆ హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 30 బొమ్మలు కలిస్తే సేఫ్టీ స్టాకు 30 వర్గమూలమంత, అంటే దాదాపు ఐదున్నర రెట్లు తగ్గుతుంది. గుండ్రం చేయడం వల్ల పై అంకెల్లో అది కొంచెం ఎక్కువగా కనిపిస్తోంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. బొమ్మల గిరాకీలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఊగితేనే ఐదున్నర రెట్లు. ఎవరో ఇన్‌ఫ్లుయెన్సర్ బ్రాండు పేరు చెప్పాడనుకోండి, 30 బొమ్మలూ ఒకేసారి లేస్తాయి. వర్షాలకు డెలివరీలు ఆగితే ఒకేసారి పడతాయి. ఇలా కలిసి కదిలే స్వభావం కొంచెమే ఉన్నా, అంటే ఏ రెండు బొమ్మల మధ్యనైనా సహసంబంధం 0.2 మాత్రమే అయినా, ఐదున్నర రెట్ల లాభం 2.1 రెట్లకు పడిపోతుంది. దసరా ఆఫర్ లాంటి ముందే తెలిసిన పెరుగుదల ఈ లెక్కలోకి రాదు. అది అనిశ్చితి కాదు, దాన్ని అంచనాలోనే కలుపుకోవాలి. ముందు తెలియకుండా అన్నింటినీ కలిపి కదిపేదే దెబ్బ తీస్తుంది. ఇందుకు భిన్నంగా, ఒకే కొనుగోలుదారు రెండు బొమ్మల మధ్య ఊగిసలాడి ఒకటి ఎంచుకునే చోట ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుంది. అక్కడ లాభం వర్గమూలం లెక్క కన్నా ఎక్కువే. ఒకే మాటను మూడు రకాల అక్షరాల్లో అమ్మే బ్రాండ్లకు ఇది బాగా కలిసొస్తుంది.

బొమ్మను వాయిదా వేస్తే రంగు, సైజుల సమస్య అలాగే ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి. అందుకే ఈ దారి పట్టాక ప్లెయిన్ రంగు పెంచడం ఖరీదైన నిర్ణయం. కొత్త బొమ్మ చేరిస్తే స్టాకులో ఏమీ పెరగదు. కొత్త రంగు చేరిస్తే 5 రకాలు పెరుగుతాయి, పైగా ప్రతి రంగుకూ మిల్లు వాళ్ల కనీస ఆర్డరు వేరుగా ఉంటుంది. 30 బొమ్మల్ని 60 చేయండి, ఫర్వాలేదు. మూడు రంగుల్ని ఆరు చేసే ముందు మాత్రం లెక్క మళ్లీ వేసుకోవాలి.

డబ్బు లెక్కలో గీత ఎక్కడ పడుతుంది

స్టాకు తగ్గిందని అక్కడే ఆగితే సగం లెక్కే వేసినట్టు. ఒక్కో ఆర్డరుకు విడిగా వేసే ప్రింటు, గుంపుగా వేసే ప్రింటు కన్నా ఖరీదు. ఉదాహరణకు ప్లెయిన్ టీషర్టు 140 రూపాయలు అనుకుందాం. తిరుప్పూరులోనే స్క్రీన్ ప్రింటింగ్‌తో గుంపుగా వేయిస్తే ప్రింటుకు 25 పడుతుంది. ఇక్కడ ఒక్కొక్కటిగా డీటీఎఫ్, అంటే బొమ్మను ఫిల్ము మీద ముద్రించి చొక్కా మీదికి దింపే పద్ధతిలో వేస్తే ఫిల్ము, ఇంకు, కరెంటు, కూలీ కలిపి 60. అంటే చివర్లో వేసే ప్రతి ప్రింటుకూ 35 రూపాయలు అదనం. ధరలు ఊరినీ పరిమాణాన్నీ బట్టి మారతాయి, లెక్క వేసే తీరు మారదు.

ముందే ప్రింటు వేయించినది మిగిలిపోతే ఏమవుతుంది? 165 పెట్టి చేయించిన టీషర్టును క్లియరెన్స్‌లో 40కి వదిలించుకోవాలి. మిగిలిన ప్రతిదానికీ 125 నష్టం. కాబట్టి గీత ఇలా వస్తుంది:

```
గీత = చివరి ప్రింటు అదనపు ఖర్చు / మిగిలిన టీషర్టు మీద నష్టం
    = 35 / 125 = 0.28
```

ఏ డిజైనులో నూరు అమ్మితే 28 కన్నా ఎక్కువ మిగులుతున్నాయో దానికి చివరి ప్రింటు లాభం. అంతకన్నా తక్కువ మిగిలితే ముందే గుంపుగా వేయించుకోవడమే చవక.

ఈ బ్రాండులో 6 బొమ్మలు గట్టిగా ఆడుతున్నాయి. వారానికి అమ్మే 900లో 540 అవే. మిగతా 24 బొమ్మలు కలిసి 360. గట్టి బొమ్మల్లో నూరు అమ్మితే 5 మిగులుతాయనుకుందాం. అంటే అమ్మిన ప్రతి టీషర్టు మీదా మిగులు నష్టం 6 రూపాయల పావలా. దాన్ని తప్పించడానికి 35 ఖర్చు పెట్టడం తెలివి తక్కువ పని. మిగతా 24లో ఒక్కో బొమ్మ వారానికి 15 పోతుంది, 15 రంగు-సైజు రకాలకు పంచితే ఒక్కోటి వారానికి ఒక్కటే. అలాంటి చోట నూరు అమ్మడానికి 35 మిగలడం వింతేమీ కాదు. అక్కడ మిగులు నష్టం టీషర్టుకు 43.75. 35 పెట్టి దాన్ని తప్పించుకోవచ్చు.

అన్నింటికీ చివరి ప్రింటే అని మొండికేస్తే ఎంత పోతుందో కూడా చూద్దాం. ఏడాదికి 46,800 టీషర్టులు, ఒక్కోదానికి 35 చొప్పున 16 లక్షల 38 వేలు అదనపు ఖర్చు. తప్పే మిగులు నష్టం: గట్టి బొమ్మల్లో 28,080 టీషర్టులకు 6.25 చొప్పున 1 లక్షా 75 వేలు, బలహీన బొమ్మల్లో 18,720 టీషర్టులకు 43.75 చొప్పున 8 లక్షల 19 వేలు. కలిపితే దాదాపు 10 లక్షలే. అంటే ఆరు లక్షలకు పైగా చేతి చమురు. బలహీన బొమ్మలకు మాత్రమే వాడితే 6 లక్షల 55 వేలు ఖర్చయి 8 లక్షల 19 వేలు మిగులుతుంది. ఒకే పద్ధతి ఒక సగంలో లాభం, ఇంకో సగంలో నష్టం. పద్ధతి మంచిదా చెడ్డదా అని మొత్తంగా అడిగితే జవాబు దొరకదు.

దీనికి రెండు సవరణలు అవసరం. ఒకటి, సరుకు లేక పోయిన అమ్మకాలు. ముందే వేయించిన సరుకులో వింత ఏమిటంటే, ఒక సైజు మిగిలిపోతుండగానే ఇంకో సైజు అయిపోతుంది. చివరి ప్రింటు వల్ల నూటికి 5 అమ్మకాలు దక్కుతున్నాయనుకుంటే, ఒక్కోదానిపై లాభం 200 అయితే అది టీషర్టుకు 10 రూపాయలు. అప్పుడు గీత పై లెక్కలోని 35 నుంచి ఈ 10 తీసేసి, 25 / 125, అంటే నూటికి 20 దగ్గరకు దిగుతుంది. రెండోది దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. ఒక్కొక్కటిగా వేసే ప్రింటు పాడయ్యే అవకాశం ఎక్కువ. గుంపు ప్రింటులో కన్నా నూటికి 2 ఎక్కువ పాడైతే, చొక్కా, ప్రింటు కలిపి ఒక్కోటి 200 కాబట్టి టీషర్టుకు 4 రూపాయలు పెరుగుతుంది. అప్పుడు గీత 29 / 125, నూటికి 23 దాకా ఎక్కుతుంది. ఎవరి గీత వాళ్లు ఇలా సొంత అంకెలతో పట్టుకోవాలి.

ఇదే ఆలోచన పెద్ద ఎత్తున అమెరికాలో కనిపించింది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జెర్సీల లైసెన్సు రీబాక్ చేతిలో ఉన్న రోజుల్లో ఆ కంపెనీ ఎదుర్కొన్న సమస్య టీషర్టు సమస్య కన్నా మొరటుది. ఆటగాడు సీజన్ మధ్యలో ఇంకో జట్టుకు మారితే అతని పేరున్న పాత జెర్సీని ఎవరూ కొనరు. అనామకుడు ఒక్క ఆటతో హీరో అయితే అతని జెర్సీ ఒక్కటీ ఉండదు. విదేశాల్లోని ఫ్యాక్టరీల నుంచి సరుకు రావడానికి నెలలు పట్టేది. రీబాక్ పెద్ద ఆటగాళ్ల జెర్సీలను అక్కడే పేరుతో సహా వేయించింది. దానితోపాటు జట్టు రంగులు, గుర్తులు మాత్రమే ఉండి పేరు, నంబరు లేని ఖాళీ జెర్సీలనూ తెప్పించి, ఇండియానాపొలిస్‌లోని తన కేంద్రంలో అవసరాన్ని బట్టి ప్రింటు వేసింది. ఖాళీ జెర్సీ అంటే మరీ తెల్ల చొక్కా కాదన్నది ఇందులో గమనించాల్సింది. జట్టును మార్చే పని లేదు కాబట్టి ఆ పని ముందే అయిపోయింది. మారే అవకాశం ఉన్న ఆ ఒక్క పనినే చివరికి నెట్టారు.

మధ్యలో ఇంకో గూడు: ఫిల్ము స్టాకు

డీటీఎఫ్ పద్ధతిలో ఇంకో వెసులుబాటు ఉంది. ఈ పద్ధతిలో బొమ్మను ముందు పెట్ అనే ప్లాస్టిక్ ఫిల్ము మీద తిరగేసి ముద్రిస్తారు. రంగుల మీద తెల్ల ఇంకు పొర వేస్తారు. తడిగా ఉండగానే కరిగి అంటుకునే పొడి చల్లి, వేడిలో కరిగించి ఆరబెడతారు. ఆ ఫిల్మును చొక్కా మీద పెట్టి హీట్ ప్రెస్సుతో నొక్కితే బొమ్మ దిగుతుంది. అంటే ముద్రణ ఒక పని, నొక్కడం ఇంకో పని. రెండింటినీ వేర్వేరు రోజుల్లో చేయవచ్చు.

ముద్రించిన ఫిల్మును విడిగా దాచుకుంటే ఏమవుతుందో చూడండి. బొమ్మ ఒకే కొలతలో ఉంటే అదే ఫిల్ము 5 సైజులకూ, తెల్ల పొర ఉంది కాబట్టి 3 రంగులకూ సరిపోతుంది. అప్పుడు దాచుకోవాల్సినవి 24 రకాల ఫిల్ములు, 15 రకాల చొక్కాలు, మొత్తం 39. కలిపి నొక్కితే 360 రకాల సరుకు. ఫిల్ము ఒక్కోటి చొక్కాతో పోలిస్తే చాలా చవక, కాబట్టి మిగిలిపోయినా బాధ తక్కువ. పైగా ప్రింటరు రోజూ రెండు మూడు బొమ్మల కోసం ఆగి ఆగి తిరగాల్సిన పని లేదు, వారానికి రెండుసార్లు ఫిల్ము నిండా బొమ్మల్ని ఇరికించి ముద్రించుకోవచ్చు. ఈ యంత్రంలోని తెల్ల ఇంకు కదలకుండా ఉంటే తెల్ల రంగు అడుగున పేరుకుని, హెడ్డు మూసుకుపోతుంది. కాబట్టి అప్పుడప్పుడూ నడిపే యంత్రానికి రోజూ నాజిల్ చెక్, ఇంకు కదిలించడం తప్పనిసరి.

ఫిల్ము స్టాకుకు తేమే శత్రువు. మూసి ఉన్న సంచిలో, సిలికా జెల్ పొట్లంతో, ఎండ తగలని చోట పెట్టాలి. వానాకాలంలో తెరిచి పెట్టిన ఫిల్ము తేమ పీల్చుకుంటే నొక్కినప్పుడు బొమ్మ సరిగ్గా అంటుకోదు, మీద చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి. ఏడాదికి సరిపడా ముద్రించి పెట్టుకుంటే పాత తప్పునే కొత్త గదిలో చేసినట్టే. బలహీన బొమ్మకు రెండు మూడు వారాల ఫిల్ము చాలు.

ప్రెస్సు దగ్గర ఏమి తప్పుతుంది

ప్రింటును ఇంటికి తెచ్చుకున్నాక నాణ్యత బాధ్యతా ఇంటికే వస్తుంది. తిరుప్పూరులో గుంపుగా వేసేటప్పుడు మొదటి చొక్కాలో తప్పు కనిపిస్తే సర్దుకుని మిగతావి వేస్తారు. ఇక్కడ ప్రతిదీ మొదటి చొక్కాయే.

నొక్కే ముందు ఖాళీ చొక్కాను ప్రెస్సు కింద 3 నుంచి 5 సెకన్లు పెట్టి తీయాలి. నూలు బట్టలో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది, అది ఆవిరై ఫిల్ముకూ బట్టకూ మధ్య ఇరుక్కుంటే అంచులు లేస్తాయి. మెడ కుట్టు, భుజం కుట్టు ప్లేటు మీద పడితే ఒత్తిడంతా ఆ గట్టు మీదే ఆగి, పక్కన బొమ్మకు అందదు. కుట్టు ప్లేటు అంచుకు బయట ఉండేలా పరవాలి, కుదరకపోతే లోపల మెత్తటి దిండు పెట్టాలి. నూలు చొక్కాకు 150 నుంచి 160 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 సెకన్లు నొక్కి, ఫిల్ము రకాన్ని బట్టి వేడిగానో చల్లారాకో ఒలిచి, పైన కాగితం వేసి ఇంకో 5 సెకన్లు నొక్కడం మామూలు. ఆ రెండో నొక్కుడు తొందరలో ఎగిరిపోతుంది. దాని ఫలితం ఆ రోజు కనిపించదు, నాలుగైదు ఉతుకుల తర్వాత అంచులు ఊడటంలో కనిపిస్తుంది. అప్పటికి కొనుగోలుదారు ఒక స్టార్ ఇచ్చేసి ఉంటాడు. అందుకే వారానికోసారి రెండు చొక్కాల్ని ఐదుసార్లు ఉతికి, సాగదీసి చూడటం అలవాటు చేసుకోవాలి. ప్రెస్సు తెర మీద కనిపించే డిగ్రీలనూ గుడ్డిగా నమ్మకూడదు. ప్లేటు నాలుగు మూలల్లో వేడి వేరుగా ఉంటుంది, వేడి చూపే పట్టీలతో కొలిచి చూసుకోవాలి.

పాలిస్టర్ కలిసిన చొక్కా కథ వేరు. పాలిస్టర్‌కు వేసిన రంగు అధిక వేడికి ఆవిరై మీదున్న తెల్ల ఇంకులోకి ఎక్కుతుంది. ఎర్ర జెర్సీ మీద వేసిన తెల్లటి నంబరు రెండు రోజులకు గులాబీ రంగులోకి మారితే కారణం ఇదే. తక్కువ వేడికి అంటుకునే పొడి వాడటం, లేదా మధ్యలో అడ్డుపొర ఉన్న ఫిల్ము వాడటం దీనికి మందు. ఊళ్లలో క్రికెట్ టోర్నీలకు పేర్లు, నంబర్లు వేసే వాళ్లకు ఇది తెలిసిన తలనొప్పే. ఒళ్లంతా రంగులుండే సబ్లిమేషన్ జెర్సీలకైతే ఈ వాయిదా పద్ధతే పనికిరాదు. అక్కడ బొమ్మ కుట్టకముందే బట్ట ముక్కల మీద పడుతుంది. ఒక రకంగా అది ఇక్కత్ వరసలోనిది.

ప్లెయిన్ సరుకు కూడా ఎన్నాళ్లయినా చెక్కుచెదరకుండా ఉండదు. తెల్ల చొక్కాలు కొన్ని రకాల పాలిథిన్ సంచుల్లో నెలల తరబడి ఉంటే సంచిలోని బీహెచ్‌టీ అనే రసాయనం గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి మడతల వెంట పసుపు మరకలు తెస్తుంది. బీహెచ్‌టీ లేని సంచులు అడిగి తెప్పించుకోవడం, పాత సరుకు ముందు వాడటం దీనికి జవాబు. నేవీ బ్లూ, నలుపుల్లో ఒక అద్దకం లాటుకూ ఇంకోదానికీ ఛాయలో తేడా వస్తుంది. విడిగా చూస్తే తెలియదు. కాలేజీ ఫెస్టు వాళ్లకు 40 చొక్కాలు ఒకే ఆర్డరులో పంపినప్పుడు, అందరూ వరసగా నిలబడితే తెలుస్తుంది. అందుకే అట్టపెట్టె మీద లాటు నంబరు రాసి, ఒక ఆర్డరుకు ఒకే లాటు నుంచి తీయాలి.

సరుకు తగ్గితే ఏది పెరగాలి

చివరి ప్రింటులో అసలు బేరం ఇది: సరుకు రూపంలో ఉన్న భద్రత, యంత్రం ఖాళీ సమయం రూపంలోకి మారుతుంది. రెండూ తగ్గించుకోవాలంటే కుదరదు.

ఒక మనిషి, ఒక ప్రెస్సు, చొక్కా వెతకడం నుంచి ప్యాకింగ్ దాకా కలిపి గంటకు 25 చేస్తే ఎనిమిది గంటలకు 200. బలహీన బొమ్మల అమ్మకం వారానికి 360, ఆరు రోజులకు రోజుకు 60. ప్రెస్సు మూడింట రెండు వంతులకు పైగా సమయం ఖాళీ. దీన్ని చూసి యజమానికి చేతులు దురద పెడతాయి, బయటి జాబ్ వర్కు ఒప్పుకోవాలనిపిస్తుంది. ఐదు రోజుల ఆఫర్‌లో గిరాకీ నాలుగు రెట్లయితే రోజుకు 240 ఆర్డర్లు. రోజుకు 40 చొప్పున ఐదు రోజులకు 200 వెనకబడతాయి. జాబ్ వర్కు లేకపోతే ఆఫర్ ముగిశాక రోజుకు 140 ఖాళీ ఉంటుంది కాబట్టి రెండు రోజుల్లోపే తేరుకోవచ్చు. జాబ్ వర్కు రోజుకు 100 ఉంటే ఆ ఐదు రోజుల్లో వెనకబడేది 700. తర్వాత రోజుకు 40 మాత్రమే ఖాళీ, అంటే మూడు వారాలు. కాబట్టి జాబ్ వర్కు తీసుకుంటే, ఆఫర్ రోజుల్లో ఆపేయొచ్చన్న షరతుతోనే తీసుకోవాలి. ఆఫరుకు ముందు వారం తీరిగ్గా ఉన్న ప్రెస్సు మీద, ఆఫరులో పెట్టబోయే బొమ్మల్ని ఎల్, ఎక్స్ఎల్ లాంటి ఎక్కువ పోయే సైజుల్లో కొన్ని ముందే నొక్కిపెట్టుకోవడమూ మంచిదే. వాయిదా సూత్రానికి అది విరుద్ధమేమీ కాదు, తెలిసిన గిరాకీకి ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇంకో ప్రమాదం ఉమ్మడి సరుకుతోనే వస్తుంది. ముందే ప్రింటు వేసిన స్టాకులో ఒక బొమ్మ నలుపు ఎం అయిపోతే ఆ ఒక్కటే ఆగుతుంది. ప్లెయిన్ నలుపు ఎం అయిపోతే దాని మీద ఆధారపడిన 24 బొమ్మలూ ఆ రంగులో, ఆ సైజులో ఒకేసారి ఆగిపోతాయి. అందుకే ప్లెయిన్ సరుకుకు 95 శాతం భరోసా చాలదు. 24 బలహీన బొమ్మలకే లెక్కేస్తే ఒక్కో ప్లెయిన్ రకం వారానికి 24, నాలుగు వారాలకు 96 పోతుంది. 95 శాతానికి రకానికి 17 అదనంగా ఉంచాలి, 99 శాతానికి 23. మొత్తం 15 రకాలకు తేడా 90 చొక్కాలు, 12,600 రూపాయలు. ఒక్క సైజు మూడు రంగుల్లోనూ వారం రోజులు ఆగిపోయినా లాభంలో ఇంతకు తక్కువేమీ పోదు. పిసినారితనం చూపించాల్సిన చోటు ఇది కాదు. సైజుల నిష్పత్తిని కూడా గత మూడు నెలల అమ్మకాల నుంచే తీసుకోవాలి తప్ప, సరఫరాదారు ఇచ్చే ప్యాకింగ్ నిష్పత్తిని అలాగే ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే ఎస్ సైజు గుట్టలు పడి, ఎల్ కోసం ఫోన్లు చేయాల్సి వస్తుంది.

ఇక గీతకు అటూ ఇటూ బొమ్మలు మారుతూ ఉంటాయి. ఈ రోజు వారానికి 15 పోయే బొమ్మ, ఒక రీల్ పుణ్యమా అని 70కి ఎక్కవచ్చు. ఎక్కిన మొదటి వారమే తిరుప్పూరుకు గుంపు ఆర్డరు పెట్టడం తొందరపాటు. సరుకు నాలుగు వారాలకు వస్తుంది, రీల్ జోరు అప్పటికి చల్లారుతుంది. మూడు నాలుగు వారాలు వరసగా ఆ స్థాయిలోనే నిలబడితే, అప్పుడు నాలుగైదు వారాల అమ్మకానికి సరిపడా ముందే వేయించి, ఆపై వచ్చే గిరాకీని ప్లెయిన్ నుంచే తీర్చాలి. పడిపోవడం మొదలైతే కొత్త గుంపు ఆర్డరు ఆపేసి, ముందే వేసిన చొక్కాలు అయిపోయేదాకా ప్రెస్సు దగ్గర ఆ బొమ్మ ఫిల్మును పక్కన పెట్టాలి. లేకపోతే అలవాటు ప్రకారం పనివాళ్లు ప్లెయిన్ మీదే నొక్కుతూ పోతారు, ప్రింటు వేసినవి అల్మరాలో అలాగే ఉండిపోతాయి. ఆర్డరు స్లిప్పు మీద "ముందు రెడీ స్టాకు చూడు" అని ఒక గడి ఉంటే ఈ పొరపాటు చాలావరకు ఆగుతుంది.